కొత్త పైపులైనులో నీళ్లు సన్నగా వస్తుంటే: పరీక్ష కోరుతూ కాంట్రాక్టరుకు పంచాయతీ రాయవలసిన లేఖ

"కొత్త లైనులో ప్రెజరు లేదు, కావున తమరు వెంటనే టెస్టు చేసి సరిచేయగలరు" అని రాసి పంపే లేఖకు వచ్చే ఫలితం ఎలా ఉంటుందో పంచాయతీ కార్యదర్శిగా పనిచేసిన రోజుల్లో నేను ఒకటికి రెండుసార్లు చూశాను. కాంట్రాక్టరు మనుషులు ఒక రోజు వస్తారు, లైను చివర మూత బిగించి, చేతిపంపుతో నీళ్లు ఎక్కించి, గేజి పెడతారు. గంటసేపు ముల్లు కదలదు. "లైను పాస్" అని కాగితం మీద రాసి, మన సంతకం కూడా తీసుకొని వెళ్లిపోతారు. మరుసటి రోజు కాలనీలో కుళాయిలు మళ్లీ అదే సన్నని ధారతో కారుతుంటాయి, మనం మాత్రం లైను బాగుందని ఒప్పుకున్నవాళ్లమై ఉంటాం.

ఇందులో కాంట్రాక్టరు మోసమేమీ లేదు. మనం అడిగింది ఒక పరీక్ష, మనకు కావలసింది మరొకటి. నీళ్లు ఎక్కించి ముల్లు నిలబడుతుందో లేదో చూసే పరీక్ష లైను కారుతోందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. లోపల ఎక్కడో దారి ఇరుకైతే, అంటే వాల్వు సగం మూసుకుపోయినా, మట్టి చేరినా, రావలసిన సైజు కన్నా చిన్న పైపు పడినా, ఆ పరీక్షకు తెలియదు. నీరు కదలనప్పుడు ఇరుకు దారిలో పీడనం తగ్గదు. అందుచేత నీళ్లు సన్నగా రావడమే ఫిర్యాదు అయినప్పుడు లేఖలో అడగవలసింది ముందుగా నీరు పారుతుండగా చేసే పరీక్ష. లీకేజీ పరీక్షది రెండో స్థానం. ఈ తేడా అర్థమైతే లేఖలో సగం రాసినట్టే.

రాయడానికి ముందు మన వైపు చూసుకోవలసినవి

కాంట్రాక్టరు ఇవ్వగల మొదటి జవాబు "మీ ట్యాంకే నిండడం లేదు" అన్నది. వేసవిలో బోర్లు ఎండే మన ప్రాంతంలో అది చాలాసార్లు నిజం కూడా. కనుక నీళ్లు వదిలే ముందు, ఆపిన తరువాత ట్యాంకులో మట్టం ఎంత ఉందో వరుసగా మూడు రోజులు పంపు ఆపరేటరు చేత రాయించాలి. రెండోది మోటార్లు. కుళాయికి నేరుగా మోటారు తగిలించి మిద్దె మీది ట్యాంకుకు నీళ్లు లాక్కునే ఇళ్లు లైను మొదట్లో రెండు ఉన్నా చివరి ఇళ్లకు నీళ్లు అందవు. కొలతలు తీసే రోజున అవన్నీ విప్పించి, విప్పించినట్టు రాసి ఉంచాలి. మూడోది, ఎస్టిమేటులో ఎన్ని కనెక్షన్లు చూపారో, ఇప్పుడు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. ఈ మూడింటిలో ఏదైనా తేడా కనబడితే ముందు దాన్ని సరిచేసి, ఆ తరువాత కూడా ధార సన్నగానే ఉంటే అప్పుడే కలం పట్టాలి.

కొలతలు తీయడం

ఇక్కడ చంద్రగిరి మండలంలోని ఒక పంచాయతీ ఉదాహరణతో చెబుతాను. ట్యాంకు ఊళ్లో ఉంది, కొత్త కాలనీ ఊరి బయట మిట్ట మీద ఉంది. 75 మిల్లీమీటర్ల హెచ్‌డీపీఈ పైపుతో 540 మీటర్ల కొత్త లైను వేసి 48 ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చారు. 390 మీటర్ల దగ్గర లైను కుడివైపుకు మలుపు తిరుగుతుంది. మలుపు దాటిన తరువాత ఉన్న 12 ఇళ్ల నుంచే ఫిర్యాదులు వచ్చాయి.

మొదటి కొలతకు ఒక బకెట్టు, సెల్‌ఫోనులోని గడియారం చాలు. గుర్తు పెట్టుకున్న 15 లీటర్ల బకెట్టు మలుపుకు ముందున్న ఇంట్లో 1 నిమిషం 5 సెకన్లలో నిండింది. చివరి ఇంట్లో అదే బకెట్టుకు 4 నిమిషాలు పట్టింది. అంటే నిమిషానికి 4 లీటర్లు కూడా రావడం లేదు. రోజుకు 40 నిమిషాలు నీళ్లు వదులుతారు కాబట్టి ఆ ఇంటికి దక్కేది 150 లీటర్లు. జల్ జీవన్ మిషన్ ప్రమాణం మనిషికి రోజుకు 55 లీటర్లు. ఐదుగురున్న ఆ ఇంటికి 275 లీటర్లు రావాలి. "నీళ్లు చాలడం లేదు" అన్న మాటకు ఎన్ని జవాబులైనా చెప్పవచ్చు గానీ, "275 లీటర్లు రావలసిన చోట 150 వస్తున్నాయి" అన్న వాక్యానికి జవాబు చెప్పాలంటే కాంట్రాక్టరు కూడా కొలవక తప్పదు.

రెండో కొలతకు పీడనం చూపే గేజి కావాలి. ఇక్కడ ఒక పొరపాటు తరచుగా జరుగుతుంది. దుకాణంలో సులభంగా దొరికే 0 నుంచి 10 కిలోల గేజిని కొని తెస్తారు. ఊరి ట్యాంకు నుంచి వచ్చే పీడనం సాధారణంగా చదరపు సెంటీమీటరుకు ఒకటి, ఒకటిన్నర కిలోలకు మించదు కనుక ఆ గేజిలో ముల్లు అడుగునే ఊగుతూ ఉంటుంది, ఏ కొలతనూ నమ్మడానికి వీలుండదు. 0 నుంచి 2.5 కిలోల గేజి, 0.05 చొప్పున గీతలు ఉన్నది తీసుకోవాలి. కుళాయికి బిగించడానికి తగిన నిపిల్‌ను కూడా వెంట తెచ్చుకోవాలి.

ఆ గేజితో ఎంత చూపాలో ముందే లెక్క వేసుకోవాలి. నీరు కదలకుండా ఉన్నప్పుడు ప్రతి 10 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక కిలో పీడనం వస్తుంది. మన ఉదాహరణలో ట్యాంకులోని నీటి మట్టం మొదటి కుళాయి కన్నా 14 మీటర్లు ఎత్తున ఉంది కాబట్టి అక్కడ 1.4 రావాలి. మేస్త్రీలు వాడే నీటి గొట్టంతో మట్టం చూస్తే మలుపు దగ్గరి కుళాయి మొదటిదానికన్నా ఒకటిన్నర మీటర్లు, చివరి కుళాయి 3 మీటర్లు ఎత్తున ఉన్నట్టు తేలింది. అంటే అక్కడ 1.25, ఇక్కడ 1.1 రావాలి.

ఇక కొలవడం రెండు విడతలు. మొదటి విడతలో 48 ఇళ్ల కుళాయిలూ మూయించి, ఐదు నిమిషాలు ఆగి, మూడు చోట్లా చూడాలి. రెండో విడతలో ఫిర్యాదు ఉన్న 12 ఇళ్ల కుళాయిలు మాత్రం పూర్తిగా తెరిపించి, మళ్లీ అవే మూడు చోట్ల చూడాలి. చివరి గేజిని తెరిచిన కుళాయికి పెట్టలేం కాబట్టి ఆ ఇంటి కనెక్షనుకు టీ బిగించి పెట్టాలి. వచ్చిన అంకెలు ఇవి.

ట్యాంకు నుంచి 40 మీటర్ల దగ్గర: మూసినప్పుడు 1.4, తెరిచినప్పుడు 1.4.
మలుపుకు ముందు, 390 మీటర్ల దగ్గర: మూసినప్పుడు 1.25, తెరిచినప్పుడు 1.2.
లైను చివర, 540 మీటర్ల దగ్గర: మూసినప్పుడు 1.1, తెరిచినప్పుడు 0.2.

ఈ అంకెలు ఏం చెబుతున్నాయి

మూసినప్పటి మూడు అంకెలూ లెక్కకు సరిగ్గా సరిపోయాయి. కాబట్టి ట్యాంకు ఎత్తు చాలకపోవడం, మిట్ట ఎక్కువ కావడం కారణాలు కావు. పెద్ద లీకేజీ ఉంటే మూసినప్పుడు కూడా నీరు ఆ రంధ్రం వైపు పారుతూ ఉంటుంది గనుక చివరి అంకె 1.1 కన్నా తక్కువ చూపాలి. అదీ లేదు. మిట్టల మీద ఎయిర్ వాల్వు లేని లైన్లలో గాలి చిక్కుకుంటే కూడా మూసినప్పటి పీడనం తగ్గుతుంది, పైగా కుళాయిలు బుసబుసమంటూ ఉమ్ముతాయి. ఇక్కడ అదీ కనిపించలేదు.

తెరిచినప్పుడు ఎంత పడిపోయిందన్నదే అసలు సంగతి. మొదట ఏమీ పడలేదు, మలుపు దగ్గర 0.05 పడింది, చివర 0.9 పడింది. అంటే 9 మీటర్ల ఎత్తుకు సమానమైన పీడనంలో దాదాపు అంతా 390కి, 540కి మధ్య ఉన్న 150 మీటర్లలోనే పోతోంది. లేఖలో వేలు పెట్టి చూపవలసిన చోటు అదే.

ఈ దశలో ఒక వార్డు సభ్యుడు "మలుపు తరువాత 50 మిల్లీమీటర్ల పైపు వేసి డబ్బు తినేశాడు, అదే రాయండి" అని పట్టుబట్టారు. అనుమానం సహజమే. కానీ ఆ 12 కుళాయిల్లో మొత్తం పారుతున్నది నిమిషానికి 45 లీటర్లు. హేజెన్-విలియమ్స్ సూత్రం ప్రకారం లెక్క వేస్తే అంత నీటికి 150 మీటర్ల 50 మిల్లీమీటర్ల పైపులో సుమారు ఒక మీటరు ఎత్తు మాత్రమే పోతుంది. అసలు 75 మిల్లీమీటర్ల పైపులో అయితే జానెడు కూడా పోదు. తొమ్మిది మీటర్లు పోవాలంటే పైపు సైజు తేడా చాలదు, దారి దాదాపు మూసుకుపోయిన చోటు ఏదో ఒకటి ఉండాలి. పైపు దొంగతనం అని రాసి ఉంటే, తవ్వినప్పుడు 75 మిల్లీమీటర్ల పైపు బయటపడి, పంచాయతీ మాటకు ఆ తరువాత విలువ ఉండేది కాదు. అందుకే లేఖలో చోటు చెప్పాలి, కొలత చెప్పాలి, కారణం మాత్రం పరీక్షకే వదలాలి.

ఎవరి పేరున రాయాలి

పనికి అగ్రిమెంటు ఎవరితో జరిగిందో ముందు చూసుకోవాలి. పంచాయతీ నిధులతో, పంచాయతీయే అగ్రిమెంటు చేసుకొని ఉంటే కాంట్రాక్టరుకు నేరుగా రాయవచ్చు. గ్రామీణ నీటి సరఫరా విభాగం అగ్రిమెంటు చేసుకొని ఉంటే, కాంట్రాక్టరును శాసించే అధికారం ఆ విభాగం ఇంజనీరుదే. అప్పుడు కూడా కాంట్రాక్టరుకు రాయవచ్చు గానీ, ఏఈకి, డీఈఈకి ప్రతులు పంపి, పరీక్షకు ఆదేశించవలసిందిగా విడిగా కోరాలి. అగ్రిమెంటు నకలులో రెండు విషయాలు వెతకాలి: లోపాల బాధ్యత కాలం ఎప్పటితో ముగుస్తుందన్నది ఒకటి, లైను పరీక్ష గురించిన షరతు ఏ సంఖ్యతో ఉందన్నది రెండోది. తుది బిల్లు చెల్లించారా, డిపాజిట్టు ఇంకా విభాగం దగ్గరే ఉందా అన్నది కూడా తెలుసుకోవడం మంచిది. లైనును స్వాధీనపరచుకున్నట్టు సంతకం అడిగితే, పరీక్ష పూర్తయ్యే వరకు చేయకూడదు.

గ్రామ పంచాయతీ సమావేశంలో తీర్మానం చేయించి, దాని సంఖ్యను లేఖలో చూపితే అది ఒక వ్యక్తి ఫిర్యాదుగా కాక పంచాయతీ కోరికగా నిలుస్తుంది.

లేఖ నమూనా

చుక్కలున్న చోట్ల మీ వివరాలు, అంకెలున్న చోట్ల మీ కొలతలు నింపుకోవాలి.

నుండి: సర్పంచి, .......... గ్రామ పంచాయతీ, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా.
కు: శ్రీ .........., కాంట్రాక్టరు, (చిరునామా).
లేఖ సంఖ్య: ..........   తేదీ: ..........

ఆర్యా,

విషయం: కొత్త కాలనీ తాగునీటి పంపిణీ లైను, మలుపు తరువాతి భాగంలో నీటి ప్రవాహం తక్కువగా ఉండుట, ఉమ్మడి పరీక్ష నిర్వహించవలసిందిగా కోరుట గురించి.

సూచిక: 1. అగ్రిమెంటు సంఖ్య .........., తేదీ ........... 2. గ్రామ పంచాయతీ తీర్మానం సంఖ్య .........., తేదీ ...........

పై సూచిక 1 ప్రకారం తాము ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి కొత్త కాలనీ వరకు 75 మి.మీ. హెచ్‌డీపీఈ పైపులతో 540 మీటర్ల పంపిణీ లైను వేసి, 48 ఇళ్లకు కనెక్షన్లు ఇచ్చియున్నారు. నీటి సరఫరా మొదలైన నాటి నుంచి 390 మీటర్ల వద్ద గల మలుపు తరువాతి 12 ఇళ్లకు నీరు తక్కువగా వస్తున్నట్టు పంచాయతీకి ఫిర్యాదులు అందినవి.

ఈ విషయమై మార్చి 12, 13 తేదీలలో గ్రామ సచివాలయ ఇంజనీరింగ్ అసిస్టెంటు, పంపు ఆపరేటరు, వార్డు సభ్యుల సమక్షంలో కొలతలు తీయడమైనది. ఆ రెండు రోజులు ట్యాంకు పూర్తిగా నిండి ఉన్నది, కుళాయిలకు మోటార్లు లేకుండా చూడడమైనది. చివరి ఇంటిలో 15 లీటర్ల బకెట్టు నిండుటకు 4 నిమిషాలు పట్టినది. అన్ని కుళాయిలు మూసినప్పుడు 40, 390, 540 మీటర్ల వద్ద పీడనం వరుసగా 1.4, 1.25, 1.1 కి.గ్రా./చ.సెం.మీ. ఉండగా, చివరి 12 కుళాయిలు తెరిచినప్పుడు 1.4, 1.2, 0.2గా నమోదైనది. పీడన నష్టం ముఖ్యంగా 390 మీటర్లకు, 540 మీటర్లకు మధ్య జరుగుతున్నట్టు ఈ కొలతలు సూచిస్తున్నవి. కొలతల పట్టిక, లైను నక్షా జతపరచడమైనవి.

కారణమేదైనదీ పంచాయతీ ఇప్పుడు నిర్ధారించడం లేదు. దానిని తెలుసుకొనుటకు ఈ క్రింది పరీక్షలను ఈ లేఖ అందిన 10 రోజులలోగా, పంచాయతీ మరియు గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రతినిధుల సమక్షంలో నిర్వహించవలసిందిగా కోరుచున్నాము.

మొదటిది, పైన చెప్పిన మూడు చోట్ల, కుళాయిలు మూసి ఒకసారి, తెరిచి ఒకసారి పీడనం, ప్రవాహం కొలవడం. రెండవది, 390 మీటర్ల నుంచి 540 మీటర్ల వరకు గల వాల్వులన్నింటినీ తెరిచి చూపడం, ఆ భాగంలో ఉభయులూ ఎంచిన కనీసం రెండు చోట్ల తవ్వి, పైపుపై ముద్రించిన సైజు, తరగతి, ఐఎస్ గుర్తులను నమోదు చేయడం. మూడవది, లోపం సరిచేసిన తరువాత, అగ్రిమెంటు షరతు సంఖ్య .......... లో చెప్పిన పీడనంతో, అందులో చెప్పినంత సేపు ఆ భాగానికి లీకేజీ పరీక్ష జరిపి, మొదటి పరీక్షను మరల చేయడం.

పరీక్ష తేదీని కనీసం మూడు రోజుల ముందు వ్రాతపూర్వకంగా తెలియజేయగలరు. పరీక్షల ఫలితం నమోదయ్యే వరకు ఈ లైనును స్వాధీనపరచుకొనుట సాధ్యం కాదని తెలియజేయుచున్నాము.

ఇట్లు,
సర్పంచి                         పంచాయతీ కార్యదర్శి

ప్రతులు: 1. సహాయక ఇంజనీరు, గ్రామీణ నీటి సరఫరా మరియు పారిశుద్ధ్య విభాగం. 2. డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అదే విభాగం. 3. దస్త్రమునకు.

పంపేటప్పుడు ఒక ప్రతిని కాంట్రాక్టరు మనిషి చేతికి ఇచ్చి, మరో ప్రతిపై తేదీతో సంతకం తీసుకోవడం ఉత్తమం. తీసుకోవడానికి ఇష్టపడకపోతే స్పీడ్ పోస్టులో, అందిన రుజువు కోరుతూ పంపి, రసీదును దస్త్రంలో అంటించాలి. వాట్సాప్‌లో పంపిన ఫోటో గుర్తు చేయడానికి పనికి వస్తుంది తప్ప, నోటీసు అందిందని వాదించడానికి దానిమీదే ఆధారపడకూడదు.

పరీక్ష రోజున

మన గేజి, వారి గేజి రెండూ ఒకే కుళాయి దగ్గర పక్కపక్కన బిగించి, రెండూ ఒకే అంకె చూపుతున్నాయో లేదో పని మొదలుపెట్టక ముందే చూడాలి. ఈ ఒక్క పని చేయకపోతే తరువాత వచ్చే తగాదా అంతా "మీ గేజి తప్పు" అన్నదాని చుట్టూ తిరుగుతుంది. ట్యాంకు మట్టం రాసి, కుళాయిలు మూసిన సమయం, తెరిచిన సమయం రాసి, అంకెలను అక్కడికక్కడే ఒక కాగితం మీద వేసి ఇరువైపులా సంతకాలు చేయాలి.

లీకేజీ పరీక్ష వంతు వచ్చినప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. హెచ్‌డీపీఈ పైపు పీడనానికి కొద్దిగా సాగుతుంది. అందువల్ల మొదట్లో ముల్లు నెమ్మదిగా కాస్త దిగడం లీకేజీ కానక్కరలేదు. మళ్లీ నీళ్లు ఎక్కించి, పైపు సర్దుకున్న తరువాత కూడా ముల్లు ఆగకుండా దిగుతూ ఉంటేనే అనుమానించాలి. రాతి నేలలో కందకం తవ్వి, ఇసుక పరచకుండా రాళ్ల మీదే పైపు వేసిన చోట్ల ఇలాంటి లీకేజీలు దొరకడం ఈ ప్రాంతంలో కొత్త కాదు. కాబట్టి తవ్వి చూసే చోట పైపు కింద ఇసుక ఉందో లేదో కూడా రాసుకోవాలి.

మన ఉదాహరణలో లేఖ అందిన ఎనిమిదో రోజున పరీక్ష జరిగింది. మలుపు దాటి 8 మీటర్ల దూరంలో, రోడ్డు కంకర కింద పూడుకుపోయిన స్లూయిస్ వాల్వు చాంబరు ఒకటి బయటపడింది. వాల్వు తిప్పితే స్పిండిలు తిరుగుతూనే ఉంది కానీ గేటు పైకి లేవడం లేదు. గేటు స్పిండిలు నుంచి ఊడి, కిందికి జారి దాదాపు మూసుకొని ఉంది. పంపు ఆపరేటరు దానిని ఎప్పుడో తిప్పి "తెరిచే ఉంది" అని నమ్మాడు, అందులో అతని తప్పు లేదు. తవ్విన రెండు చోట్లా పైపు 75 మిల్లీమీటర్లదే. వాల్వు మార్చిన తరువాత అవే 12 కుళాయిలు తెరిచి చూస్తే చివర 0.7 చూపింది, చివరి ఇంట్లో 15 లీటర్ల బకెట్టు 1 నిమిషం 15 సెకన్లలో నిండింది. ఆ అంకెలను మొదటి పట్టిక పక్కనే రాయించి, కాంట్రాక్టరు, ఏఈ, సర్పంచి సంతకాలు పెట్టించి, లైను స్వాధీనపత్రంపై సంతకం ఆ తరువాతే చేశారు.